టన్ను కందిపప్పు లెక్క: కిరాణా కొట్టుకు ‘డైరెక్ట్’ సరుకు ఎక్కడ గిట్టుతుంది, ఎక్కడ గిట్టదు

“కొత్తగా కిరాణా కొట్టు పెట్టేవాళ్లు హోల్‌సేల్ షాపు గడప తొక్కొద్దు. అక్కడ కొంటే మధ్యవాళ్ల జేబు నింపినట్టే. మిల్లు నుంచో కంపెనీ నుంచో డైరెక్ట్‌గా తెప్పించుకుంటే 30 శాతం మిగులుతుంది. సరుకు ఫ్రెష్‌గా ఉంటుంది, కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి వస్తుంది.”

కొత్తగా కొట్టు పెట్టేవాళ్ల ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ ఇది. ఇందులోని ఒక్కో మాటా లెక్క వేసి చూద్దాం.

30 శాతం గురించి

పప్పు, పంచదార, నూనె లాంటి సరుకులో హోల్‌సేలర్‌కే 30 శాతం మిగలదు. అతని బతుకంతా కిలో మీద వచ్చే రూపాయి, రెండు రూపాయల మీద, రోజూ కదిలే బస్తాల సంఖ్య మీద నడుస్తుంది. అతనికి లేని లాభం అతన్ని తప్పించినంత మాత్రాన మనకు రాదు. అయినా మిల్లు వైపే మొగ్గి ఒక లెక్క వేసి చూద్దాం. కింది ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి కొట్టులో నెలకు 100 కిలోల కందిపప్పు పోతుంది. పట్నం హోల్‌సేల్‌లో కిలో 118 రూపాయలు. మిగతా సామానుతో కలిపి ఆటోలో వేసుకొస్తే కిలోకు ఇంకో రూపాయి పడుతుంది. తాండూరు వైపు మిల్లులో అదే రకం 112 రూపాయలకు ఇస్తామన్నారు, కాకపోతే కనీసం టన్ను తీసుకోవాలి, డబ్బు ముందే పంపాలి. పార్సిల్ లారీ కిరాయి, రెండు చోట్ల హమాలీ కలిపి కిలోకు రెండున్నర. అంటే కొట్టుకు చేరేసరికి హోల్‌సేల్ పప్పు 119, మిల్లు పప్పు 114.50. కిలోకు నాలుగున్నర మిగిలింది. ఆ మెసేజ్ పంపేవాళ్ల లెక్క ఇక్కడే ఆగిపోతుంది.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. నెలకు 100 కిలోలు పోయే కొట్టుకు టన్ను పప్పు పది నెలల సరుకు. పెట్టుబడి 1,12,000 రూపాయలు. మొదటి రోజు మొత్తం ఇరుక్కుని, చివరి రోజుకు సున్నా అవుతుంది కాబట్టి సగటున 56,000 పది నెలల పాటు పప్పులోనే ఉన్నట్టు. నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకుంటే 8,400. కిలోకు 8 రూపాయల 40 పైసలు. హోల్‌సేల్‌లో నెలనెలా 100 కిలోలు నగదుకు తెచ్చుకున్నా ఇదే పద్ధతిలో వడ్డీ కిలోకు 90 పైసలు దాటదు. అతను పదిహేను రోజులు ఉద్దెర ఇస్తే అందులో చాలా భాగం అతనే మోస్తాడు. వడ్డీలో తేడా ఏడున్నర, ధరలో మిగిలింది నాలుగున్నర. కిలోకు మూడు రూపాయల చొప్పున టన్ను మీద 3,000 రూపాయలు నష్టం.

సొంత డబ్బే కదా, వడ్డీ ఎవరికి కడతాం అని కొందరంటారు. ఆ డబ్బు పప్పులో చిక్కుకుంటే నూనె పెట్టెలకు, సబ్బులకు, పండగ ముందు తెచ్చే బెల్లానికి చేతిలో పైసా ఉండదు. చిన్న కొట్టుకు గిరాకీ పోయేది ధర రూపాయి ఎక్కువైనందుకు కాదు, అడిగిన వస్తువు లేదన్నందుకు. ఆ నష్టం ఏ చిట్టా పుస్తకంలోనూ కనిపించదు కాబట్టి లేదనుకుంటారు.

ధర పడిపోతే ఇంకో దెబ్బ. మన దగ్గర కొత్త కంది డిసెంబరు, జనవరిల్లో మార్కెట్లకు వస్తుంది. ఆ రాకకు ముందు, పాత పంట ధర మీద నెలల సరుకు దించుకుంటే, పక్క కొట్టువాడు కొత్త ధరకు అమ్ముతుంటే మీరు కొన్న ధర కన్నా తక్కువకు ఇవ్వాల్సి రావచ్చు. నెలనెలా కొనేవాడికి ఆ ప్రమాదం రెండు బస్తాల వరకే.

మధ్యవాళ్ల గురించి

ఈ మాట పేరున్న కంపెనీల సబ్బులు, బిస్కెట్లు, టీపొడికి అసలు అతకదు. ఆ కంపెనీలు మండల కేంద్రంలోని కొట్టుకు ఫ్యాక్టరీ నుంచి సరుకు పంపవు. డిపో, అక్కడి నుంచి ఒక ప్రాంతానికి ఒక డిస్ట్రిబ్యూటర్, అతని సేల్స్‌మ్యాన్ వారానికోసారి మీ లైన్‌కు రావడం, అదీ దారి. “కంపెనీ డైరెక్ట్” అని జనం అనేది చాలాసార్లు ఈ డిస్ట్రిబ్యూటర్‌నే. అతనూ మధ్యవాడే.

చేతులు మారిన కొద్దీ ధర పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ కొన్నిసార్లు హోల్‌సేలర్ ధర డిస్ట్రిబ్యూటర్ ధర కన్నా తక్కువ ఉంటుంది. ఎందుకో చూడండి. ఒక సబ్బుకు ఐదు కేసులు తీస్తే 1 శాతం, ఇరవై తీస్తే 3 శాతం అని స్కీము నడుస్తోందనుకోండి. అర కేసు తీసే మీకు ఏ తగ్గింపూ రాదు. హోల్‌సేలర్ ఇరవై కేసులు ఎత్తి, 3 శాతంలో ఒకటి తాను ఉంచుకుని రెండు మీకు వదులుతాడు. నెలాఖరుకు టార్గెట్ నిండని డిస్ట్రిబ్యూటర్ ఇంకొంచెం తగ్గించి సరుకు అతనికే దింపుతాడు. 25వ తేదీ తర్వాత హైదరాబాద్ హోల్‌సేల్ మార్కెట్ బేగంబజారులో కొన్ని సరుకుల ధర మెత్తబడటానికి ఇదొక కారణం.

అలాగని అన్నీ హోల్‌సేల్‌లో కొనడమూ తప్పే. గడువు దాటినవి, చినిగిన ప్యాకెట్లు వెనక్కి తీసుకునే అవకాశం ఉన్నది డిస్ట్రిబ్యూటర్ దగ్గరే, అదీ అతని బిల్లు మీద కొన్న సరుకుకే. కాబట్టి మీ కొట్టులో బాగా కదిలేవి, తొందరగా గడువు తీరే బిస్కెట్లు, చిరుతిళ్లు డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసుకోండి. నెలకు నాలుగైదు ముక్కలు మాత్రమే పోయేవి హోల్‌సేల్‌లో విడిగా తెచ్చుకోండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర వాటికి కూడా డజను అంటగడతారు, ఆరు అమ్ముడై ఆరు బూజు పడతాయి.

ఫ్రెష్ గురించి

మిల్లు గేటు దాటిన రోజు పప్పు తాజాగానే ఉంటుంది. గిరాకీ కొనేది మాత్రం మీ కొట్టులో ఎన్నాళ్లు ఉన్న పప్పో. పైన చెప్పిన టన్నులో చివరి బస్తా పదో నెలలో విప్పుతారు. మధ్యలో ఒక వానాకాలం ఖాయం. బస్తా అడుగున చేయి పెడితే మెత్తటి పిండి అంటుకోవడం, గింజలు సన్నని దారాలతో ఉండలు కట్టడం పురుగు పట్టిందనడానికి గుర్తు. పట్టాక జల్లెడ పడితే తూకం తగ్గుతుంది, వాసన మిగులుతుంది. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెడితే తేమ తగ్గుతుంది గానీ పది నెలలు కాపాడదు.

హోల్‌సేల్‌లో తాజాదనం మీరే చూసుకోవాలి. కేసు మీద తేదీ చదివి ఊరుకోకండి, విప్పి లోపలి ప్యాకెట్ మీద తేదీ కూడా చూడండి. పాత ముక్కలు కొత్త అట్టపెట్టెలోకి చేరడం అరుదేమీ కాదు. పప్పయితే బస్తా పైన కాకుండా మధ్య నుంచి గుప్పెడు తీసి తెల్లగుడ్డ మీద పోయండి. ముక్కలు, నల్ల గింజలు, పొట్టు అక్కడే తెలిసిపోతాయి. మిల్లు పంపిన నమూనాకూ లారీలో దిగిన బస్తాకూ తేడా వస్తే రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్నవాడితో గొడవ పడాలి. పట్నం హోల్‌సేలర్ అయితే మర్నాడు ఆటోలో బస్తా వెనక్కి పంపవచ్చు. ఈ వెసులుబాటుకు ధర కట్టడం ఎవరికీ గుర్తుండదు.

జీఎస్టీ గురించి

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. విడి పప్పుకు, 25 కిలోలు దాటిన బస్తాకు జీఎస్టీయే లేదు. కట్టనిది వెనక్కి రాదు. 2022 జూలై నుంచి 25 కిలోలూ అంతకు తక్కువా ఉన్న లేబుల్ ప్యాకింగ్ మీద 5 శాతం వచ్చింది, అందుకే బియ్యం 26 కిలోల బస్తాల్లో కనిపిస్తోంది. ధరలు పోల్చేటప్పుడు బస్తా ధర కాకుండా కిలో ధర చూడాలన్నది అందుకే.

పన్ను ఉన్న సరుకులో, మీరు కాంపొజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో ఉంటే, ఎవరి దగ్గర కొన్నా క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ, వెనక్కి రాదు. రెగ్యులర్ పద్ధతిలో ఉంటే హోల్‌సేలర్ ఇచ్చిన పక్కా బిల్లు మీదా వస్తుంది. తేడా బిల్లులో ఉంది, అమ్మినవాడు ఎవరన్న దాంట్లో లేదు. తెల్లచీటీ మీద కొనడం మాత్రం మానుకోండి. ఆహార వస్తువు ఎవరి దగ్గర కొన్నారో చూపించలేకపోతే ఆహార భద్రత చట్టం కింద బాధ్యత అమ్మిన కొట్టు మీదే పడుతుంది.

నేరుగా కొంటే నిజంగా గిట్టేవి

మొదటిది, దగ్గర్లోని మిల్లు బియ్యం. పైన చెప్పిన కొట్టుకే మిర్యాలగూడ మిల్లులు దగ్గర. బియ్యం పప్పులా నెలల తరబడి కొట్టులో పడి ఉండదు, ఇరవై బస్తాలు ట్రాలీ ఆటోలో వచ్చి రెండు మూడు వారాల్లో అయిపోతాయి.

రెండోది, ఊళ్లో తయారయ్యే అప్పడాలు, పల్లీ పట్టీలు, పచ్చళ్లు, అగరుబత్తి, ఫినాయిలు. వీటిలో మధ్యవాడి వాటా నిజంగానే పెద్దది. తినేవాటి ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారీదారు చిరునామా, బరువు, తేదీ, ఎమ్మార్పీ ఉంటేనే తీసుకోండి. అమ్ముడుపోనివి మార్చి ఇస్తారా అన్నది మొదటి రోజే తేల్చుకోండి.

మూడోది, అదే కందిపప్పు, కానీ పంచుకుని. నెలకు 100 కిలోలు అమ్మే ఐదు కొట్లు కలిసి టన్ను తెప్పిస్తే ఒక్కొక్కరికి 200 కిలోలు, రెండు నెలల సరుకు. వడ్డీ కిలోకు సుమారు 1 రూపాయి 70 పైసలకు దిగుతుంది. హోల్‌సేల్‌లో పడే 90 పైసలతో చూస్తే అదనం 80 పైసలే. కిరాయి కూడా పోను కిలోకు 3 రూపాయల 70 పైసలు, కొట్టుకు దాదాపు 740 రూపాయలు నికరంగా మిగులుతాయి. బిల్లు ఎవరి పేరున, తూకం తగ్గితే ఎవరు భరించాలి అన్నవి లారీ ఎక్కకముందే రాసుకోవాలి. ఇలాంటి పొత్తులు చెడేది ఆ రెండింటి దగ్గరే.

ఈ మెసేజ్ నమ్మి ఫోన్లో దొరికిన ‘కంపెనీ డైరెక్ట్’ నంబరుకు అడ్వాన్సు పంపబోయేవాళ్లు రెండు పనులు చేయండి. అతని జీఎస్టీ నంబరు అడిగి gst.gov.in లో Search Taxpayer దగ్గర కొట్టండి. అక్కడ వచ్చిన పేరు, డబ్బు వేయమన్న బ్యాంకు ఖాతా పేరు ఒకటే కావాలి. ఖాతా ఇంకెవరి పేరునో ఉంటే, రిజిస్ట్రేషన్ ఫీజు అని ముందే అడిగితే, పైసా పంపకండి. పేర్లు కలిసినా మొదటిసారి ఒక బస్తాకే డబ్బు పంపి, అది దిగాక తూకం వేసి, మిగతాది ఆ తర్వాత మాట్లాడండి.