సంతకంతో ఆగిపోయే గడియారం

ఉపాధి హామీ పథకం కూలి చెల్లింపులపై కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వెబ్‌సైట్‌లో ఏళ్ల తరబడి ఒక అంకె కనిపిస్తూ వచ్చింది. పదిహేను రోజుల్లోగా 'జనరేట్' అయిన చెల్లింపులు ఎంత శాతమో అది చెబుతుంది. సాధారణంగా అది తొంభైకి పైనే ఉంటుంది. చూసినవారికి నూటికి తొంభై మంది కూలీలకు గడువులోనే డబ్బు అందిందనిపిస్తుంది. కానీ అక్కడున్న మాట జనరేట్ అయినవి అనే గానీ, అందినవి అని కాదు. పే ఆర్డరు మీద అధికారి సంతకం పడిన రోజుతో ఆ లెక్క ముగుస్తుంది. ఖాతాలో డబ్బు ఏ రోజు పడిందన్నది దానికి పట్టదు. ఊళ్లో మాత్రం మహిళలు ఫీల్డ్ అసిస్టెంటును అడిగేది ఈ రెండో తేదీ గురించే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం గడువుల మీద నడిచే చట్టం. జాబ్ కార్డుకు దరఖాస్తు చేస్తే పదిహేను రోజుల్లో ఇవ్వాలి. పని అడిగితే పదిహేను రోజుల్లో చూపాలి. మస్టరు, అంటే పని హాజరు పట్టీ, ముగిశాక పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలి. మొదటి గడువు సంగతి ఇప్పుడు పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. కార్డు చాలా ఇళ్లలో ఉంది. ఇబ్బందల్లా ఆ కార్డులో పేరు నిలబెట్టుకోవడం, ఆధార్‌లో ఉన్న పేరూ ఇందులోని పేరూ ఒక్కటేనని రుజువు చేసుకోవడం. మిగతా రెండు గడువుల్లోనే అసలు కథ ఉంది.

పని అడిగిన తేదీ సంగతి ముందు చూద్దాం. చట్టం ప్రకారం కూలీ దరఖాస్తు ఇస్తే తేదీ వేసిన రసీదు చేతికివ్వాలి. పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి మొదలయ్యేది ఆ తేదీని బట్టే. మొదటి ముప్పై రోజులకు కూలి రేటులో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం ఇవ్వాలి. ఈ భృతి భారం రాష్ట్రానిది. అందుకే కాబోలు, ఆ రసీదు అంత అరుదు. ఆనవాయితీగా జరిగేది ఇది: పనికి అంచనా మంజూరై మస్టరు సిద్ధమయ్యాక, అందులోకి ఎక్కించాల్సిన పేర్లకు అప్పుడే 'డిమాండ్' కూడా నమోదు చేస్తారు. మార్చిలో నోటిమాటగా పని అడిగి మే వరకు ఎదురుచూసిన మనిషి కంప్యూటరులో మే నెలలోనే అడిగినట్టు, వెంటనే పని దొరికినట్టు కనిపిస్తుంది. ఇక ఆలస్యమెక్కడ, భృతి ఎక్కడ! రాష్ట్ర నివేదికలో భృతి గడి సున్నాగా ఉంటే అడిగిన వారందరికీ పని దొరికిందని అనుకోవడం తొందరపాటే. అడిగిన తేదీ, పనిలో దిగిన తేదీ ఊరంతటికీ ఒకటి రెండు రోజుల తేడాలోనే ఉంటే ఆ నమోదు ఎప్పుడు జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక కూలి. ఒక ఉదాహరణ అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి రేటు 300 రూపాయలుగా ఉన్న 2024-25లో, మే 6 సోమవారం నుంచి 11 శనివారం వరకు ఒక శ్రమశక్తి సంఘం, అంటే కలిసి పనిచేసే కూలీల జట్టు, కందకాలు తవ్వింది. అందులో ఒకామె ఆరు రోజులూ వెళ్లింది. ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో పూటపూటా హాజరు ఫొటో పడింది. సిగ్నల్ లేక ఒక పూట ఫొటో ఎక్కకపోతే ఆ రోజు హాజరు కోసం మండలం చుట్టూ తిరగాల్సి వచ్చేది, ఆ బాధ తప్పింది. మస్టరు ముగిసింది కదా అని కూలి ఖరారు కాదు. రోజుకు 300 అన్నది ఊరికే వచ్చేది కాదు, తవ్విన మట్టిని బట్టి లెక్క కట్టేది. టెక్నికల్ అసిస్టెంటు టేపుతో వచ్చి పొడవు, వెడల్పు, లోతు కొలిచి కొలతల పుస్తకమైన ఎం.బుక్‌లో రాయాలి. నేల మెత్తనిదా, గట్టిదా, రాళ్లున్నదా అని తేల్చాలి. రేటు దాన్ని బట్టే మారుతుంది.

ఆలస్యానికి మొదటి చోటు ఇదే. ఒక టెక్నికల్ అసిస్టెంటు కింద నాలుగైదు పంచాయతీలుంటే, ఎండాకాలంలో అన్నిచోట్లా మస్టర్లు ఒకే రోజు ముగిస్తే, చివరి ఊరికి టేపు చేరేసరికి వారం తిరుగుతుంది. ఈలోగా వాన పడి గట్టు జారితే కొలతా తగ్గుతుంది. కొలతలు కంప్యూటరులోకి ఎక్కాక కూలి జాబితా, దాని మీద నిధుల బదిలీ ఉత్తర్వు తయారవుతాయి. ఎఫ్‌టీవో అంటారు దీన్నే. దాని మీద ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలు పడాలి. మొదటి సంతకం పడి రెండోది ఆగిన ఎఫ్‌టీవోలు ఏ మండలంలోనైనా ఉంటాయి. రెండో అధికారి సెలవులో ఉండొచ్చు, సంతకం 'కీ' గడువు తీరి ఉండొచ్చు. ఈ దశ అంతా ఎనిమిది రోజుల్లో ముగించాలన్నది నిబంధన. ఇది రాష్ట్రం బాధ్యత.

మన ఉదాహరణలో అన్నీ సజావుగానే సాగాయి. కొలతలు 14న పడ్డాయి, రెండో సంతకం 18న అయింది. మండల సిబ్బంది ఏడు రోజుల్లోనే తమ పని ముగించారు, వారిని తప్పుపట్టడానికేమీ లేదు. ఉత్తర్వు కేంద్రానికి వెళ్లింది. అక్కడి నుంచి ఏడు రోజుల్లో, కేంద్రం చెల్లింపుల కంప్యూటరు వ్యవస్థ అయిన పీఎఫ్‌ఎంఎస్ మీదుగా, డబ్బు ఆమె ఖాతాలో పడాలి. 2016 నుంచి కూలి డబ్బు రాష్ట్ర ఖజానాను తాకకుండా ఢిల్లీ నుంచే నేరుగా కదిలే ఏర్పాటు మొదలైంది. కదలాలంటే అక్కడ నిధులుండాలి. బడ్జెట్ కేటాయింపు అయిపోవచ్చినప్పుడు, రాష్ట్రం పంపాల్సిన కాగితం బాకీ ఉన్నప్పుడు ఉత్తర్వులు వరసలో నిలబడతాయి. ఆలస్యానికి నిధుల కొరత కూడా ఒక కారణమని 2017లో కేంద్ర ఆర్థిక శాఖ లేఖే ఒప్పుకుంది. మన ఉదాహరణలో డబ్బు జూన్ 30న పడిందనుకుందాం.

మస్టరు మే 11న ముగిసింది కాబట్టి పదిహేను రోజుల గడువు 26తో తీరింది. పదహారో రోజు నుంచి ఆలస్యానికి పరిహారం ఇవ్వాలి. బాకీ కూలి మీద రోజుకు 0.05 శాతం. ఆమె కూలి 1,800 రూపాయలు, రోజుకు పరిహారం 90 పైసలు. మే 27 నుంచి జూన్ 30 దాకా ముప్పై అయిదు రోజులకు 31 రూపాయల 50 పైసలు. మండల కేంద్రంలోని బ్యాంకుకు ఒకసారి పోయిరావడానికి ఆటో ఖర్చయినా రాదు. ఆ మాత్రం కూడా ఆమెకు రాదు. కంప్యూటరు ఆలస్యాన్ని లెక్క కట్టేది రెండో సంతకం వరకే. మే 18న సంతకమైంది గనుక ఆలస్యం సున్నా, పరిహారం సున్నా. తర్వాత గడిచిన నలభై మూడు రోజులు ఎవరి ఖాతాలోనూ పడవు. మొదట చెప్పిన ఆ తొంభై పైచిలుకు శాతంలో ఈమె కూలి కూడా ఉంటుంది.

ఇది ఎవరూ గమనించని లోపమేమీ కాదు. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే 18న సుప్రీంకోర్టు ఈ విషయాన్నే పరిశీలించింది. రాష్ట్రం పని ఇంత, కేంద్రం పని అంత అని పంచుకోవడం ప్రభుత్వాల సౌకర్యం, కూలీకి దాంతో నిమిత్తం లేదని, రెండో దశ ఆలస్యానికీ పరిహారం లెక్క కట్టాల్సిందేనని తేల్చింది. తీర్పు వచ్చినా గడియారం మాత్రం సంతకం దగ్గరే ఆగుతూ వచ్చింది.

డబ్బు కదిలాక కూడా ఒక మలుపుంది. 2024 జనవరి 1 నుంచి కూలి ఖాతా నంబరుకు కాక ఆధార్ నంబరుకు పోతోంది. ఆ ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పట్టికలో చూసి అక్కడికి పంపుతారు. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా ఆ పట్టికలో ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా ఆధార్ జతచేసినదే. డ్వాక్రా లోనుకని ఒక ఖాతా, గ్యాస్ రాయితీకని ఒకటి, ఎవరో శిబిరం పెట్టి వేలిముద్ర వేయించుకుని తెరిచింది మరొకటి. మూడోదాని పాసుపుస్తకం ఇంట్లో కూడా ఉండదు. ఫీల్డ్ అసిస్టెంటు కంప్యూటరు తెర చూసి 'నీ డబ్బులు పడ్డాయమ్మా' అంటాడు. ఆమె మొదటి ఖాతా పుస్తకం ముద్ర వేయించుకుంటే పడలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆధార్ వెబ్‌సైట్‌లో Bank Seeding Status చూస్తే ఏ బ్యాంకుకు పోతోందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కానీ దాన్ని తెరవాలంటే ఆధార్‌కు జతచేసిన ఫోను ఆమె చేతిలో ఉండాలి. ఆ ఫోను నంబరు ఏనాడో మారిపోయి ఉంటుంది.

పట్టికలో ఏ బ్యాంకూ లేకపోతే చెల్లింపు Inactive Aadhaar అన్న కారణంతో తిరిగొస్తుంది. ఆ మాట చూసి ఆధార్ కార్డే రద్దయిందనుకుని మీసేవకో సచివాలయానికో పరుగెత్తేవారున్నారు. కార్డుకేమీ కాలేదు, బ్యాంకు ముడి ఊడిందంతే. వెళ్లాల్సింది బ్యాంకుకు. ముడి పడ్డాక మండలంలో ఆ కూలికి మళ్లీ ఎఫ్‌టీవో పెట్టాలి, మళ్లీ రెండు సంతకాలు, మళ్లీ వరస. తిరిగొచ్చిన చెల్లింపుల జాబితా మండల కంప్యూటరులో ఉంటుంది. దాన్ని పంచాయతీ గోడకు అంటించే బాధ్యత ఎవరిదో మాత్రం తేలదు.

ఇప్పుడు చట్టమే మారింది. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ జీ రామ్ జీ చట్టం ఏడాదికి వంద రోజుల పని హామీని 125 చేసింది. కూలి వారానికోసారి, ఆలస్యమైనా పక్షం దాటకుండా ఇవ్వాలంటోంది. అయితే ఇన్నాళ్లూ కూలి మొత్తం కేంద్రమే భరించేది. ఇకపై మన వంటి రాష్ట్రాలు నూటికి నలభై పెట్టాలి. ఇంతవరకు ఒక ఖజానా వద్ద నిలబడిన వరస ఇక రెండు చోట్ల నిలబడే వీలుంది. రాష్ట్రం వాటా రాలేదని కేంద్రం, కేంద్రం వాటా రాలేదని రాష్ట్రం చూపుడువేలు చాపితే ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో రాస్తారు?

అందుకే నియమావళి రాసేవారిని మేం అడిగేది చిన్నది. ఆలస్యాన్ని మస్టరు ముగిసిన రోజు నుంచి కూలీ ఖాతాలో జమైన రోజు దాకా లెక్క కట్టాలి. ఆ రెండో తేదీ బ్యాంకుల నుంచి ఎలాగూ కంప్యూటరుకు వస్తూనే ఉంది, కొత్తగా సేకరించాల్సిన పని లేదు. పరిహారం కూలీ అడగకుండానే ఆ జమతో కలిసి పడాలి. కూలీ చేతికి ఒక చీటీ ఇవ్వాలి. కొలత ఎంత, రేటు ఎంత, ఏ బ్యాంకుకు, ఏ తేదీన పంపారు అన్న నాలుగు గడులు చాలు. పని అడిగిన రోజు తేదీ రసీదు కూడా అలాగే. ఈ చీటీలేవీ కొత్త ఆలోచనలు కావు. రసీదు 2005 చట్టంలోనే ఉంది, ఇవ్వలేదంతే.