కెమెరా చూసి కారు కొన్నాను, సందులో మాత్రం తిరగడం లేదు

కారు నడపడమంటే భయపడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. వెనక ఎవరైనా రెండుసార్లు హారన్ కొడితే చాలు, క్లచ్ మీద కాలు వణుకుతుంది. అందుకే కొనేటప్పుడు "సెన్సర్లున్నాయా? రివర్స్ కెమెరా ఉందా?" అనే అడిగాను. రెండూ ఉన్నాయన్నారు, తెర కూడా పెద్దదే. కానీ కారు తిరగడానికి ఎంత చోటు కావాలో చెప్పే టర్నింగ్ రేడియస్ ఎంత అని అడగాలని నాకు తోచలేదు. టెస్ట్ డ్రైవ్ కూడా వెడల్పు రోడ్డు మీదే ఇచ్చారు. అక్కడ ఏ కారైనా బాగానే తిరుగుతుంది కదా!

కొన్న రెండో వారంలో గేటు లోంచి వెనక్కి తీస్తున్నాను. కెమెరాలో దారి ఖాళీగా ఉంది, సెన్సర్ చప్పుడు చేయలేదు. కారు ముందుభాగం ఇంకా గేటు స్తంభాల మధ్యే ఉండగా స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పాను. కర్రుమని శబ్దం. ఎడమవైపు ముందు మూల స్తంభానికి గీసుకుపోయింది. రివర్స్‌లో స్టీరింగ్ కుడికి తిప్పితే కారు వెనకభాగం కుడికి వెళ్తుంది, ముక్కు ఎడమకు ఊగుతుంది. నా కారుకున్న కెమెరా, సెన్సర్లు వెనకవే. ముందు మూల ఏం చేస్తోందో వాటికి తెలిసే దారే లేదు. నాకూ తెలియలేదు, ఎందుకంటే నా కళ్ళు తెరకి అతుక్కుపోయి ఉన్నాయి.

అలాగని అవి పనికిరావని కాదు. కానీ ఒక్కోదానికి ఒక్కో గుడ్డితనం ఉంది. సెన్సర్ శబ్ద తరంగాన్ని పంపి, అది తగిలి తిరిగొస్తేనే ఏదో అడ్డుందని చెబుతుంది. సన్నటి ఇనప కడ్డీ నుంచి, బంపర్ కింద దాక్కున్న రాయి నుంచి ఒక్కోసారి ఆ ప్రతిధ్వని సరిగా రాదు. కెమెరా తెర మీద దూరం చూపించే గీతలేమో నేలను బట్టి గీసినవి. లారీ వెనక తలుపులా గాలిలో ముందుకు పొడుచుకొచ్చిన వస్తువు, తెరలో కనిపించేదానికంటే మనకు దగ్గరగా ఉంటుంది. గీత దాకా ఇంకా చోటుంది కదా అని వెళ్తే, అద్దం పగిలాకే అసలు దూరం తెలుస్తుంది.

ఇక నా అసలు గొడవ. మా సందు చివర కారు తిప్పుకునే చోటు గోడ నుంచి గోడకి 11 మీటర్లు. నా కారు టర్నింగ్ రేడియస్ 5.4 మీటర్లని పుస్తకంలో ఉంది. రెట్టింపు చేస్తే 10.8. "సరిపోతుందిగా" అనుకున్నాను. సరిపోదు! ఆ అంకె సాధారణంగా బయటివైపు ముందు చక్రం గీసే వృత్తానిది. బంపర్ మూల చక్రం కంటే ముందుకు, బయటికి ఉంటుంది కాబట్టి అది ఇంకా పెద్ద వృత్తం గీస్తుంది. నేను ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సగం వృత్తం తిరిగి, మొదట్లోనూ చివర్లోనూ బంపర్ బయటి మూల కింద సుద్దముక్కతో గుర్తు పెట్టి టేపు పట్టాను. 11.6 మీటర్లొచ్చింది. పక్కింటి అన్న కారు రేడియస్ 4.8. దాన్నీ అలాగే కొలిస్తే 10.6. ఆయన ఒక్క తిప్పులో వెళ్ళిపోతాడు. నేను రోజూ ఒకసారి రివర్స్ వేయాలి, ఆ రివర్స్‌లోనే నాకు టెన్షన్ అంతా. అంటే, ఆయన కారులో అసలు రాని ప్రమాదాన్ని నాకు తెచ్చిపెట్టి, దాన్ని చూపించే కెమెరా నాకు అమ్మారన్నమాట.

ఇంకో తమాషా. కొన్ని మోడళ్ళలో కెమెరా ఉన్న ఖరీదైన వేరియంట్‌కి పెద్ద చక్రాలు కూడా వస్తాయి. ఆ టైరు లోపల తగలకుండా చక్రం తిరిగే కోణాన్ని తగ్గిస్తారు, దాంతో కారు తిరిగే వృత్తం పెరుగుతుంది. భయపడేవాడు ఎక్కువ డబ్బు పోసి, ఇంకా తిరగని కారు తెచ్చుకుంటాడు.

సెన్సర్లు లేకపోతే తర్వాత పెట్టించుకోవచ్చు. కెమెరా కూడా అంతే, ఒక పూట పని. కారు తిరిగే వృత్తాన్ని నిర్ణయించే వీల్‌బేస్‌ని, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని, స్టీరింగ్ తిరిగే కోణాన్ని మాత్రం ఏ మెకానిక్కూ మార్చి ఇవ్వలేడు. అందుకే మా తమ్ముడు కారు కొంటానంటే షోరూమ్‌కి టేపు తీసుకుని వెళ్ళాను. ముందు మా సందు చివర చోటు కొలుచుకుని, ఆ కారుని ఖాళీ స్థలంలో ఫుల్‌గా తిప్పి కొలిచాం. సేల్స్ కుర్రాడు మమ్మల్ని వింతగా చూశాడు. "సార్, కెమెరా చూడండి సార్, నాలుగువైపులా కనిపిస్తుంది" అన్నాడు. "చూస్తాం బాబూ, ముందు ఈ టేపు ఆ చివర పట్టుకో" అన్నాను.