నాలుగు అంతస్తులకు ఒకే టెలికాం రూమ్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆఫీసు నెట్‌వర్క్ ప్లాన్ చేసేటప్పుడు, స్విచ్‌లు పెట్టి కేబుళ్లన్నీ చేర్చే టెలికాం రూమ్ గురించి వినిపించే వాదన ఇది: "ప్రతి అంతస్తులో టెలికాం రూమ్ పెట్టడం స్థలం దండగ. రెండో అంతస్తులో ఒకటి పెడితే ఐదో అంతస్తు దాకా చాలు, రాగి కేబుల్ 100 మీటర్లు పోతుంది కదా. చల్లదనానికి బిల్డింగ్ ఏసీ ఎలాగూ ఉంది."

ముందు దూరం సంగతి. ఆ 100లో 10 మీటర్లు రెండు చివర్ల ప్యాచ్ కార్డులకే పోతాయి. ప్యాచ్ ప్యానెల్ నుంచి డెస్క్ దగ్గరి సాకెట్ దాకా మిగిలేది 90. ఇక ఐదో అంతస్తులో చివరి మూల డెస్క్‌కి లెక్కేయండి. ప్లాన్ మీద స్కేలు పెడితే 48 మీటర్లే. కానీ కేబుల్ ట్రే మూలగా పోదు, గోడల వెంట 38, తర్వాత 29, మొత్తం 67. మూడు అంతస్తులు ఎక్కడానికి 12. ర్యాక్‌లోకి దిగడానికి 3, డెస్క్ దగ్గర దిగడానికి 3, అదనంగా వదిలే స్లాక్ 3. మొత్తం 88.

కాగితం మీద పాస్. అయితే 90 అనేది కేబుల్ 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. అక్కడి నుంచి 40 దాకా, షీల్డ్ లేని కేబుల్‌లో ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున సిగ్నల్ నష్టం పెరుగుతుంది. ఫాల్స్ సీలింగ్ పైన 40 ఉంటే 8 శాతం, అంటే వాడుకోదగ్గ పొడవు దాదాపు 83 మీటర్లు. చల్లని పూట టెస్టర్ పాస్ చూపించిన ఆ లింకులోనే, మధ్యాహ్నం పోర్టు మీద సీఆర్సీ ఎర్రర్లు, అంటే దారిలో పాడైన డేటా లెక్క, పెరగొచ్చు. అదీ దూరపు డెస్కులకే. అందుకే చాలామంది స్విచ్‌ని అనుమానించి మార్చేస్తారు, సమస్య అలాగే ఉంటుంది.

కేబుళ్లు పై అంతస్తులకు ఎక్కే షాఫ్ట్ సంగతి చూడండి. అంతస్తుకి 150 కేబుళ్లయినా, పై మూడింటికీ 450 ఒకే స్లాబ్ కన్నంలోంచి పోవాలి. ఆ కన్నానికి మంటలు పైకి పాకకుండా ఆపే ఫైర్ స్టాప్ సరిగ్గా వేయడం, కొత్త కేబుల్ లాగిన ప్రతిసారీ తీసి మళ్లీ వేయడం చాలా కష్టం. అంతస్తుకో రూమ్ ఉంటే అక్కడికి వెళ్లేది వేలు మందం ఫైబర్ మాత్రమే. అంతస్తులు చిన్నవైతే కింద, పైన ఒక్కో అంతస్తుకి కలిపి ఒక రూమ్ పెట్టొచ్చు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

ఏసీ విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. డేటా కేబుల్‌లోనే కరెంటూ పంపే 48 పోర్టుల పీఓఈ స్విచ్‌లు మూడు, ఒక యూపీఎస్ ఉన్న గది అనుకుందాం. పీఓఈ కరెంటులో ఎక్కువ భాగం కేబుల్ వెంట ఫోన్లకు, కెమెరాలకు వెళ్లి అక్కడే వేడవుతుంది. కాబట్టి గదిలో మిగిలే వేడి మొత్తం 750 వాట్లని లెక్కేద్దాం. పగలు బిల్డింగ్ ఏసీ దాన్ని మోస్తుంది. కానీ సాయంత్రం ఆఫీసుతో పాటు అదీ ఆగిపోతుంది, స్విచ్‌లు మాత్రం ఆగవు. 3×3 మీటర్ల గదిలో 2.5 మీటర్ల ఎత్తున ఉన్న గాలిని ఆ వేడి 36 సెకన్లకో డిగ్రీ చొప్పున పెంచగలదు. గోడలు కొంత పీల్చుకుని ఆ వేగం తగ్గిస్తాయి, కానీ శని, ఆదివారాలు రెండు రోజులూ కాపాడలేవు. ముందు దెబ్బతినేది యూపీఎస్ బ్యాటరీ. 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందుకే గదికి తనదంటూ 24 గంటలూ నడిచే చిన్న ఏసీ యూనిట్ కావాలి. మీ గది పరిస్థితి తెలియాలంటే శుక్రవారం సాయంత్రం ర్యాక్ ముందు ఒక టెంపరేచర్ లాగర్ పెట్టి, సోమవారం పొద్దున తీసి చూడండి.