స్కెలిటన్ పెట్టాం కదా అని ప్రాంప్ట్ ఎగ్గొట్టకండి

బొమ్మలు గీసే ఏఐ మోడల్‌కి మాటలతో పాటు ఒక గైడ్ బొమ్మని కూడా ఇచ్చే కంట్రోల్‌నెట్ వాడి చేసిన బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఒకే విషయం మీద కోపం వస్తుంది. మనిషి భంగిమని చుక్కలు, గీతల్లో చూపే పోజ్ స్కెలిటన్ తగిలించగానే చాలామంది ప్రాంప్ట్‌లో రాయాల్సింది రాయడం మానేస్తున్నారు. "ముసలాయన, హై క్వాలిటీ, బాగా డీటెయిల్డ్" అని మూడు ముక్కలు పడేసి, బొమ్మ తేడాగా వస్తే మోడల్‌ని తిడతారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. స్కెలిటన్‌లో గీసి ఉన్నదాన్నే మళ్ళీ మాటల్లోకి దింపుతారు: కుడి మోచెయ్యి వంచి, ఎడమ మోకాలు నేలకు ఆనించి, తల కాస్త కిందికి దించి... ఈ రెండు రకాలవాళ్ళూ చేయని పని ఒకటే. తాము తగిలించిన ఆ నల్ల బొమ్మలో నిజంగా ఏముందో, ఏం లేదో ఒక్క నిమిషం కూర్చుని చూడరు.

ఫొటోలోని మనిషి నుంచి ఓపెన్‌పోజ్ తీసే మామూలు స్కెలిటన్‌లో ఉండేవి 18 చుక్కలు. ముక్కు, మెడ, రెండు కళ్ళు, రెండు చెవులు, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి రెండు వైపులా, మోకాళ్ళు, చీలమండలు. వాటిని కలిపే రంగు గీతలు. అంతే. చేతివేళ్ళు, ముఖకవళికలు కావాలంటే వాటిని కూడా పట్టుకునే ప్రీప్రాసెసర్ విడిగా ఎంచుకోవాలి. ఈ చుక్కల్లో వయసు లేదు, బట్టలు లేవు, ఒళ్ళు లావో సన్నమో లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మనిషి దేన్ని పట్టుకున్నాడో, దేని మీద కూర్చున్నాడో, ఎందుకు వంగాడో లేదు. ఎముకలు గాలిలో వేలాడుతున్నాయి, వాటి చుట్టూ లోకం లేదు. ఆ లోకాన్ని మనమే మాటల్లో కట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుని వివరంగా చెబుతాను. పక్కనుంచి కనిపించే ఒక స్కెలిటన్. ఒక మోకాలు నేల మీద, రెండో కాలు మడిచి పాదం నేలకు ఆనించి ఉంది. నడుము కొంచెం ముందుకి వంగింది. రెండు చేతులూ ముందుకి చాచి, మణికట్లు పొట్ట ఎత్తులో దగ్గరదగ్గరగా ఉన్నాయి. మన మనసులో ఉన్నది సైకిల్ బాగు చేస్తున్న ఒక పెద్దాయన. కానీ ఆ చుక్కలకు సైకిల్ సంగతి ఏం తెలుసు? అదే స్కెలిటన్ మొక్క నాటే మనిషికి సరిపోతుంది, ఉంగరం చూపించి పెళ్ళి చేసుకుంటావా అని అడిగే కుర్రాడికి సరిపోతుంది, కత్తి దించి లొంగిపోయే సైనికుడికీ సరిపోతుంది. "ముసలాయన" అని మాత్రమే రాస్తే ఈ దారుల్లో ఏదో ఒకదాన్ని మోడల్ తనకు తోచినట్టు పట్టుకుంటుంది, లేదా కొన్నిటిని కలిపేస్తుంది. అప్పుడే చేతుల మధ్య పేరులేని ముద్ద ఒకటి పుడుతుంది. ఆ ముద్ద కనిపించిందంటే వేళ్ళు బాగా రాలేదని, వద్దన్నవి రాసే నెగటివ్ ప్రాంప్ట్ పెంచుకుంటూ పోకండి. చేతుల్లో ఏముందో మీరు చెప్పలేదు, అదీ మొదట చూడాల్సిన సంగతి.

నేనైతే ఇలా రాస్తాను:

```
elderly bicycle mechanic kneeling on one knee beside an
upside-down bicycle, both hands on the chain, looking down
at the chain, oil-stained grey overalls, rolled-up sleeves,
side view at eye level, small workshop, daylight from an
open door on the left
```

ఇందులో కీళ్ళ వంపుల గురించి ఒక్క మాట లేదు, ఎందుకంటే ఆ పని స్కెలిటన్ చేస్తోంది. అయినా మోకరిల్లడం అనే క్రియ మాత్రం ఉంది. స్కెలిటన్‌లో ఉన్నదే కదా, మళ్ళీ ఎందుకని అడుగుతారు. చుక్కలు ఎక్కడున్నాయో గైడ్ చెబుతుంది, ఆ చుక్కలన్నీ కలిస్తే ఏ పని అవుతుందో క్రియ చెబుతుంది. ఆ క్రియ లేకపోతే మడిచిన కాలు ఒక్కోసారి పొట్టి కాలుగా మారిపోతుంది, ఎందుకంటే కాగితం మీద పొట్టి గీతకి, మన వైపు మడిచిన కాలికి తేడా లేదు. పైగా క్రియ స్కెలిటన్‌తో తగవు పడకూడదు. మోకరిల్లిన స్కెలిటన్ పెట్టి, పాత ప్రాంప్ట్‌లో నిలబడి ఉన్నాడనే మాట తీసేయడం మర్చిపోతే బొమ్మ రెండు వైపులా లాగబడుతుంది. కాళ్ళు మూడవుతాయి, లేదా నడుము సాగుతుంది.

సైకిల్‌ని తలకిందులుగా పెట్టించడానికి కూడా కారణం ఉంది. మణికట్లు పొట్ట ఎత్తులో ఉన్నాయని చెప్పాను కదా. నిలబెట్టిన సైకిల్‌కి చైన్ నేలకి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ చేతులు దాన్ని అందుకోలేవు. అప్పుడు మోడల్ చేతుల్ని సీటు మీదో, హ్యాండిల్ మీదో పెట్టేస్తుంది, మీరు చైన్ అని ఎంత నొక్కి రాసినా. సైకిల్‌ని తిరగేస్తే చైన్ పైకి వస్తుంది, చేతుల ఎత్తుకి సరిపోతుంది. వస్తువుని రాసేముందు మణికట్టు చుక్క ఎక్కడుందో చూడటం అంటే ఇదే. కుర్చీ విషయంలోనూ అంతే. కూర్చున్న స్కెలిటన్‌లో తుంటి చుక్క మోకాలి చుక్క కంటే బాగా పైన ఉంటే ఎత్తైన స్టూల్ అని రాయండి, రెండూ ఒకే మట్టంలో ఉంటే మామూలు కుర్చీ. మీరు సోఫా అని రాసి స్కెలిటన్ స్టూల్ అంటుంటే, మనిషి సోఫా అంచుకి అరచేయంత ఎత్తులో తేలుతూ కనిపిస్తాడు.

చూపు కూడా మాటల్లోనే రావాలి. ముక్కు, చెవుల చుక్కలు తల ఎటు తిరిగిందో చెబుతాయి గానీ కనుపాప ఎటుందో చెప్పవు. చెప్పకపోతే మోడల్‌కి ఉన్న అలవాటు కెమెరా వైపు చూడటం. చైన్ బిగిస్తున్న పెద్దాయన మనల్ని చూసి నవ్వుతుంటే అది పని చేస్తున్న బొమ్మ కాదు, ఫొటోకి కూర్చున్న బొమ్మ. వెనక నుంచి చూపించే బొమ్మలైతే మరీ జాగ్రత్త. వెనక్కి తిరిగిన మనిషి స్కెలిటన్‌లో ముక్కు, కళ్ళ చుక్కలు ఉండకూడదు. కుడి, ఎడమ గీతల రంగులు కూడా వేరుగా ఉంటాయి. అయినా మోడల్ ఆ రంగుల్ని ఎప్పుడూ నమ్మకంగా చదవదు, వెనక తల ఉండాల్సిన చోట ముఖం పెట్టేస్తుంది. `from behind` అని రాయడం అక్కడ తప్పనిసరి.

మాటలతో కానిది కూడా ఒకటుంది. పెద్దవాళ్ళ ఫొటో నుంచి తీసిన స్కెలిటన్‌కి ఐదేళ్ళ పిల్ల అని ప్రాంప్ట్ రాస్తే పిల్ల రాదు, పిల్ల ముఖం పెట్టుకున్న పెద్ద మనిషి వస్తుంది. ఎముకల పొడవు, తలకీ ఒంటికీ ఉన్న నిష్పత్తి గైడ్‌లోనే పడిపోయాయి. పెద్దవాళ్ళ ఒళ్ళు సుమారు ఏడున్నర తలల ఎత్తు, ఆ వయసు పిల్లలది ఆరు తలల లోపే. దీనికి మందు ప్రాంప్ట్‌లో లేదు. పోజ్ ఎడిటర్‌లో చుక్కలు జరిపి కాళ్ళు, చేతులు పొట్టి చేయండి, లేదా పిల్లల ఫొటో నుంచే స్కెలిటన్ తీయండి.

ఇక డెప్త్ మ్యాప్. దీని కథ వేరు, కానీ జనం స్కెలిటన్ లాగే వాడేస్తారు. దగ్గరున్నది తెల్లగా, దూరంగా ఉన్నది నల్లగా ఉండే ఆ బూడిదరంగు బొమ్మలో లోకం లేకపోవడం కాదు, మరీ ఎక్కువగా ఉంది. ఫొటోలో మనిషి దళసరి జాకెట్ వేసుకుంటే జాకెట్ ఉబ్బు, జుట్టు ఒత్తు, వెనకున్న షెల్ఫ్ అంచు, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. అదే సైకిల్ పెద్దాయనకి జాకెట్ వేసుకున్న ఫొటో నుంచి డెప్త్ తీసి, పల్చటి బనియన్ అని రాస్తే ఏమవుతుంది? బనియన్ రంగు వస్తుంది, జాకెట్ ఆకారం మిగులుతుంది. భుజాలు ఉబ్బిపోయి, చేతుల దగ్గర చర్మం ముడతలు పడి, గుడ్డో కండో తెలియని ముద్ద కనిపిస్తుంది. అది చూసినప్పుడు ప్రాంప్ట్‌లో బనియన్ అన్న మాటకి ఇంకా ప్రాధాన్యం, అంటే వెయిట్, పెంచడం వృథా. గైడ్ ఒప్పుకునే మాట రాయండి: వదులైన ఓవరాల్స్, మందపాటి స్వెటర్. డెప్త్‌తో మీరు రాసే నామవాచకం ఆ నీడబొమ్మ అంచుల్లో ఇమడాలి.

బనియనే కావాలి అంటే గైడ్ పట్టు సడలించాలి. కంట్రోల్‌నెట్ నడిపే కంఫీ యూఐ ప్రోగ్రామ్‌లో గైడ్ బలం చెప్పే `strength` ని 1.0 నుంచి 0.6 దాకా, గైడ్ ఎంతవరకు పనిచేయాలో చెప్పే `end_percent` ని 0.5 దాకా తగ్గించి చూడండి. చుక్కల గందరగోళం లాంటి నాయిజ్ నుంచి బొమ్మ స్టెప్పు స్టెప్పుగా తేలుతుంది, మొదటి స్టెప్పుల్లో ఆ నాయిజ్ ఎక్కువగా ఉన్నప్పుడే బొమ్మ కూర్పు స్థిరపడుతుంది, సన్న వివరాలు చివర్లో వస్తాయి. సగంలో గైడ్‌ని ఆపేస్తే వంగిన ఒళ్ళు, సైకిల్ ఉన్న చోటు నిలుస్తాయి, బట్ట మడతల్ని మీ మాట నింపుతుంది. నిజానికి మనిషి భంగిమ ఒక్కటే కావాల్సిన చోట డెప్త్ ఎందుకు వాడతారో నాకు అర్థం కాదు. గది అమరిక, వస్తువుల దూరాలు, కెమెరా కోణం కూడా కావాల్సినప్పుడే డెప్త్‌కి అర్థం ఉంది.

అంత చెప్పే డెప్త్ మ్యాప్ కూడా చెప్పనివి రంగు, వెలుగు, పదార్థం. ఇనుప బల్లకీ చెక్క బల్లకీ డెప్త్ ఒకటే. పగలూ రాత్రీ ఒకటే. గోడకి అతికించిన పోస్టర్ అందులో దాదాపు ఖాళీ గోడ. కాబట్టి డెప్త్ పెట్టినప్పుడు ఆకారాల వర్ణన తగ్గించి, ఏది దేనితో చేసింది, వెలుగు ఎటునుంచి వస్తోంది, గోడ మీద ఏముంది అన్నవాటికి మాటలు ఖర్చు పెట్టాలి. స్కెలిటన్ పెట్టినప్పుడు వాటితో పాటు వస్తువులు, చుట్టూ ఉన్న చోటు, కెమెరా కోణం కూడా రాయాలి. ఒకే ప్రాంప్ట్‌ని రెండు గైడ్లకీ అతికించేవాళ్ళు ఈ తేడా పట్టించుకోవడం లేదు.

ఏది గైడ్ ఇస్తోందో, ఏది మాట ఇస్తోందో తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. బొమ్మ మొదలయ్యే నాయిజ్‌ని నిర్ణయించే సీడ్ అంకె మార్చకుండా, ప్రాంప్ట్ ఖాళీగా పెట్టి ఒకసారి నడపండి. 2023లో కంట్రోల్‌నెట్ తయారుచేసినవాళ్ళు ట్రైనింగ్‌లో సగం ప్రాంప్ట్‌లని కావాలనే ఖాళీ చేశారు, గైడ్ బొమ్మ నుంచే అర్థం పట్టుకోవడం మోడల్‌కి అలవాటు కావాలని. అందుకే ఖాళీ ప్రాంప్ట్‌తో కూడా ఏదో ఒకటి వస్తుంది, అందంగా ఉండదు. డెప్త్‌తో గది, మనిషి, జాకెట్ ఉబ్బు దాకా గుర్తుపట్టేలా వస్తాయి. స్కెలిటన్‌తో ఎవరో ఒక మనిషి, ఎక్కడో ఒక చోట వస్తాడు. ఆ బొమ్మలో మీకు కావాల్సింది ఏది రాలేదో చూసి అదే రాయండి. తర్వాత ఒక్కో మాట చేర్చి అదే సీడ్‌తో మళ్ళీ నడిపితే ఏ మాట పని చేస్తోందో, ఏది ఊరికే కూర్చుందో కళ్ళకి కనిపిస్తుంది.

ఇద్దరు మనుషులుంటే మాత్రం ఇదంతా చాలదు. రెండు స్కెలిటన్లు పెట్టి "ఎర్ర చొక్కా మెకానిక్, నీలం చొక్కా కుర్రాడు" అని రాస్తే ఎర్ర రంగు ఎవరి మీద పడుతుందో చెప్పలేం, ఎందుకంటే ఏ స్కెలిటన్ ఎవరిదో ఆ గీతల్లో ఎక్కడా లేదు. బొమ్మని భాగాలు చేసి ఒక్కో భాగానికి విడి ప్రాంప్ట్ ఇచ్చే రీజనల్ ప్రాంప్టింగ్ పెట్టుకోండి, లేదా ముందు ఇద్దరినీ రానిచ్చి, చొక్కాల భాగాన్ని మాత్రమే మళ్ళీ గీయించే ఇన్‌పెయింట్ చేయండి. రంగుల పేర్లని బ్రాకెట్లలో పెట్టి వెయిట్ పెంచితే, ఇద్దరి చొక్కాలూ ఒకే రంగులో రావచ్చు.