తుపాను మర్నాడు మొదటి పేషెంటుకి ఏం కావాలి?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా నేలకొరిగాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అప్పట్లో ఆ వైపు ఒక చిన్న క్లినిక్ కంప్యూటర్లు నేనే చూసేవాడిని. దారి తెరుచుకున్నాక వెళ్లేసరికి డాక్టరుగారు వరండాలో బల్ల వేసుకుని పేషెంట్లను చూస్తున్నారు. పడిన చెట్లు నరికి నరికి నడుం పట్టేసిందని ఒకాయన నొప్పి మాత్ర అడుగుతున్నాడు. ఆయనకి కిడ్నీ జబ్బు ఉందని డాక్టరుగారికి గుర్తుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతో గుర్తులేదు. "కాయితం తడిసి ముద్దయిపోనాది బాబూ, మీ కంపూటర్లో ఉంటాది కదా" అన్నాడాయన.

కంప్యూటర్లో ఉన్న మాట నిజమే. ఆ నిమిషానికి కంప్యూటర్ కూడా బాగానే ఉంది, కరెంటే లేదు. ఆ అంకె తెలియక డాక్టరుగారు ఒట్టి పారాసిటమాల్ ఇచ్చి పంపారు. అసలు దెబ్బ కరెంటు తిరిగొచ్చిన రోజు తగిలింది. వోల్టేజి ఎగిరి పడి హార్డ్ డిస్క్ పోయింది. "ఫర్లేదు, బ్యాకప్ ఉంది" అనుకుంటూ బయటి డిస్క్ తెరిచాను. రోజూ రాత్రి తొమ్మిదింటికి బ్యాకప్ అయినట్టు వరసగా ఫైళ్లున్నాయి, కానీ అన్నిటి సైజూ 412 ఎంబీయే. ఏడాదిపైగా ఒక్క ఎంబీ కూడా పెరగలేదు. క్లినిక్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌గ్రేడ్ చేసిన రోజున డేటా కొత్త ఫోల్డర్‌లోకి మారింది. బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే రోజూ భక్తిగా కాపీ చేస్తూ, "సక్సెస్" అని చూపిస్తూ పోయింది. తప్పు నాదే. ఫైలు సైజు వైపు నేను ఒక్కసారైనా చూడలేదు.

అప్పటి నుంచి ఏ క్లినిక్‌కి విపత్తు ప్రణాళిక రాయమన్నా నేను బ్యాకప్ దగ్గర మొదలుపెట్టను. తుపాను మర్నాడు పొద్దున్న వచ్చే మొదటి పేషెంటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ వస్తాను. ఆ మనిషికి మందు రాయాలంటే డాక్టరుకి ఏం కావాలి? దేనికైనా అలర్జీ ఉందా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, గత రెండు మూడు పరీక్షల్లో అంకెలెంత. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ మూడోది మరీ ముఖ్యం. ఇవాళ క్రియాటినిన్ 2.1 వచ్చిందంటే ఆ ఒక్క అంకె చెప్పేది కొంతే. ఆరు నెలల కిందట 1.2 ఉండి ఇప్పుడు 2.1 అయితే కంగారు పడాలి. రెండేళ్లుగా 2.0 దగ్గరే ఉంటే అది వేరే కథ. పాత అంకె పోయిందంటే పోయింది, రక్తం మళ్లీ తీసినా తిరిగి రాదు.

అందుకే నా లెక్కలో మొదటి బ్యాకప్ కాగితమే. వినడానికి వెనకబాటుగా ఉన్నా అదే నా అభిప్రాయం. కిడ్నీ పేషెంట్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు. రోజుకి అరవై ఓపీ చూసే క్లినిక్‌లో వీళ్లంతా కలిపి వందో నూటయాభయ్యో ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్క వరస: పేరు, ఇంటిపేరు, ఊరు, వయసు, మందులు, చివరి అంకెలు, వాటి తేదీ. వారానికోసారి ప్రింట్ తీసి పాతది చింపేయాలి. తుపాను హెచ్చరిక వస్తే ఆ రోజే ఇంకోసారి తీయాలి. పది పేజీలు దాటదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తాళం ఉన్న అరలో, నేల మట్టానికి బాగా పైన ఉంచాలి. జబ్బుల వివరాలున్న కాగితం కౌంటర్ మీద పడి ఉండకూడదు.

ఇక కంప్యూటర్ బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి క్లినిక్ బయట అనే సూత్రం అందరూ చెప్పేదే, మంచిదే. మన తీరంలో మాత్రం ఏ కాపీ ఏ ఆపదకి పనికొస్తుందో విడిగా రాసుకోవాలి. తుపాను తర్వాత ఇంటర్నెట్ ఉండదు, కాబట్టి క్లౌడ్‌లో ఉన్నది ఉన్నట్టే ఉన్నా చేతికి అందదు. అప్పుడు ఆదుకునేది బయటి హార్డ్ డిస్కే. క్లినిక్‌లో మంటలు లేచినా, దొంగతనం జరిగినా, వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగినా క్లౌడ్ ఆదుకుంటుంది. అదీ పాత వర్షన్లు దాచే రకమైతేనే. ఫోల్డర్‌ని సింక్ చేసి వదిలేస్తే ఇక్కడ పాడైన ఫైలు నిమిషాల్లో అక్కడా పాడవుతుంది. సింక్‌నే బ్యాకప్ అనుకునే డాక్టర్లు ఎంతమందో.

డిస్కులు రెండుండాలి. ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి. కాపీ అవగానే ఊడదీయాలి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్‌ని ఎగిరిన వోల్టేజీ వదలదు, వైరస్సూ వదలదు. ఒకటి రోజూ ఎవరో ఒకరు ఇంటికి పట్టుకెళ్లాలి. బయటికి వెళ్లే డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, బస్సులో మర్చిపోయినా పేషెంట్ల వివరాలు బయటపడకూడదు. వేళల సంగతి: మధ్యాహ్నం రెండింటికీ రాత్రి తొమ్మిదింటికీ కాపీ తీస్తే, ఎంత చెడ్డ రోజైనా పోయేది ఒక పూట పని, ముప్పై మంది వివరాలు. ఆ ముప్పై మందినీ టోకెన్ పుస్తకం చూసి మళ్లీ ఎక్కించవచ్చు. టోకెన్ పుస్తకంలో పేరూ నంబరే కాకుండా బీపీ, షుగరు, రాసిన మందు కూడా ఒక ముక్క రాయిస్తే ఆ పూట కూడా పూర్తిగా పోదు.

ఎవరు ఏం చేయాలి అన్నది చాలా క్లినిక్‌లలో "అందరం కలిసి చూసుకుంటాం" దగ్గర ఆగిపోతుంది. అంటే ఎవరూ చూడరు. మూడు పనులకి మూడు పేర్లు చాలు, ఒక్కో పేరు పక్కన వాళ్లు రాకపోతే ఎవరన్న రెండో పేరు. "ఇక కంప్యూటర్ వద్దు, కాగితం మీదకి మారుదాం" అని చెప్పేది డాక్టరుగారు. సిస్టమ్ ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకి, డిస్క్ తీసేది రిసెప్షనిస్టు. పాడైన మెషీన్‌ని ముట్టుకునేది, తిరిగి ఎక్కించేది కంప్యూటర్లు చూసే మనిషి. అతను మాత్రమే. వరద నీళ్లు తాగిన సీపీయూని "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అని స్విచ్ వేసి, మిగిలి ఉండగల డిస్క్‌ని కూడా కాల్చేసిన సందర్భం నేను చూశాను. పాస్‌వర్డూ, డిస్క్ తెరిచే రికవరీ కీ కూడా ఒక్క మనిషి తలకాయలో ఉండకూడదు. కవర్లో పెట్టి సీలు వేసి, ఒకటి డాక్టరుగారి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన వాళ్ల దగ్గర పెట్టాలి. ఆ కవరు ఎప్పుడూ డిస్క్ సంచిలో పెట్టకండి. తాళంతో పాటే తాళం చెవిని కట్టి ఇచ్చినట్టవుతుంది.

తిరిగి ఎక్కించే వరస దగ్గరే గొడవలు వస్తాయి. కరెంటు రాగానే కౌంటర్ నుంచి మొదటి కేక "బిల్లింగ్ ఎప్పుడు మొదలవుతుంది?" అని. బిల్లు రసీదు పుస్తకం మీద వారం రోజులు రాసినా ఎవరి ప్రాణమూ పోదు. నేను రాసే వరస ఇది. ముందు పేషెంట్ల జాబితా, అలర్జీలు, మందులు, రిపోర్టుల అంకెలు. సాధారణంగా ఇవన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి, సైజు ఒక జీబీ కూడా ఉండదు, అరగంటలో ఎక్కేస్తుంది. తర్వాత తిరిగి రావలసిన వాళ్ల తేదీలు. ఆ తర్వాత మందుల స్టాకు, బిల్లులు. అన్నిటికన్నా చివర స్కానింగ్ బొమ్మలు. అవి ఎనభై జీబీ ఉన్నాయనుకోండి. క్లౌడ్ నుంచి 20 ఎంబీపీఎస్ లైను మీద దింపాలంటే లైను ఎక్కడా తెగకపోతేనే తొమ్మిది గంటలు. తెలియక "అన్నీ రీస్టోర్" అని నొక్కితే బొమ్మలు దిగుతూనే ఉంటాయి, చిన్న డేటాబేస్ వాటి వెనక క్యూలో నిలబడుతుంది, పేషెంట్లు బయట నిలబడతారు.

డేటా ఎక్కాలంటే దానికి ముందు ఇంకో మెట్టుంది. డేటాబేస్ ఫైలు ఉన్నంత మాత్రాన ఏమీ తెరుచుకోదు. క్లినిక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ కావాలి, డేటాబేస్ ప్రోగ్రామ్ సరిపోయే వర్షన్ కావాలి, లైసెన్స్ కావాలి. చాలా సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ పాత మెషీన్‌కే ముడిపడి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టగానే కంపెనీకి ఫోన్ చేసి విడిపించుకోమంటుంది. సిగ్నల్ లేని ఊళ్లో ఆ ఫోన్ ఎవరు చేస్తారు? కాబట్టి ఇన్‌స్టాలర్లు కూడా ఆ డిస్క్‌లోనే ఉండాలి. రెండో మెషీన్‌కి లైసెన్స్ ఇస్తారో లేదో కొనే రోజే అడిగి, ఇస్తామని రాయించుకోవాలి.

ఎక్కింది సరైనదో కాదో తేల్చడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. రిసెప్షనిస్టు మూడు పేర్లు వెతికితే చాలు. క్లినిక్ మొదలైన ఏడాదిలో వచ్చిన ఒకరు, నిన్న ఆఖరి టోకెన్ తీసుకున్నవారు, రక్తపరీక్షలు ఎక్కువగా ఉన్న ఒక పాత పేషెంటు. రెండో పేరు దొరక్కపోతే ఎక్కింది పాత కాపీ. మూడో మనిషి పేరు దొరికి రిపోర్టులు ఖాళీగా ఉంటే సగమే ఎక్కింది. నా 412 ఎంబీ కథలో ఈ పరీక్ష ముందే ఒక్కసారి చేసి ఉంటే రెండు నిమిషాల్లో బయటపడేది.

కాగితం మీద చూసిన రోజులను తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఇంకో చిక్కుంది. మన జిల్లాలో అప్పారావు అని కొట్టి చూడండి, స్క్రీన్ నిండిపోతుంది. తొందరలో ఉన్నవాళ్లు పాత అప్పారావుని వెతక్కుండా కొత్త అప్పారావుని పుట్టిస్తారు. దాంతో ఒకే మనిషి అలర్జీ ఒక ఫైల్లో, మందులు ఇంకో ఫైల్లో పడతాయి. ఫోన్ నంబర్ ఒక్కటీ చాలదు, ఇంటిల్లిపాదికీ ఒకటే ఉంటుంది. ఇంటిపేరు, ఊరు, వయసు మూడూ కలిశాకే ఎక్కించాలి. కాగితం నంబర్లకి ముందు "తు" అని పెట్టి వేరే వరస నడిపితే, ఎక్కించినవేవో మిగిలినవేవో తెలుస్తుంది. తేదీ చూసిన రోజుదే వేయాలి, ఎక్కించిన రోజుది కాదు. కంప్యూటర్ తనంతట తాను ఇవాళ్టి తేదీ వేసేస్తుంది, కాబట్టి మార్చాల్సింది మనుషులే.

ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. గులాబ్ 2021 సెప్టెంబర్ 26నే వచ్చేసింది. అందుకని రిహార్సల్ ఆగస్టులో పెడతాను. ఆదివారం మధ్యాహ్నం, మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ మీద పాత ల్యాప్‌టాప్, ఒక డిస్క్, ఒక కవరు. మొదటిసారి చేసినప్పుడు మూడు పేర్లూ దొరికేసరికి ఐదు గంటలు పట్టింది. అందులో మూడు గంటలు లైసెన్స్ గొడవకే పోయాయి. మరుసటి ఏడాది గంటా ఇరవై నిమిషాలు. అన్నీ సరిగ్గా ఎక్కాయని మురిసిపోతుంటే రిసెప్షనిస్టు ప్రిస్క్రిప్షన్ ప్రింట్ కొట్టింది. ఆ ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ డ్రైవర్ లేదు. ఇప్పుడు డ్రైవర్ కూడా డిస్క్‌లో ఉంది.