అమెరికా వీలునామాలో మొదటి పేరా చదివారా?

గుంటూరులో ఉన్న మా అత్తయ్య ఇనుప బీరువాలో, పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవరులో ఒక దస్తావేజు ఉంది. ప్రతి పేజీ వెనుకా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముద్ర, చివర మా బాబాయి సంతకం, వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. 2009లో అమెరికా నుంచి సెలవులకు వెళ్లినప్పుడు బాబాయి రాసి రిజిస్టరు చేయించిన వీలునామా అది. భర్త పోయాక పుట్టింట్లోనే ఉంటున్న చెల్లెలికి ఆ ఇల్లు తన తదనంతరం చెందాలని అందులో రాశారు. బాబాయి 2023లో టెక్సాస్‌లో కన్నుమూశారు. మూడు నెలల తర్వాత అత్తయ్య నాకు ఫోన్ చేసింది. "అన్నయ్య రాసిన కాగితం నా దగ్గరే ఉందమ్మా. రిజిస్టరు కూడా అయింది. మరి ఇది చెల్లదంటారేమిటి?"

చెల్లదని చెప్పింది బాబాయి రాసిన ఇంకో కాగితం. 2017లో గుండె ఆపరేషన్‌కు ముందు ఆయన ఇక్కడి లాయరు దగ్గర వీలునామా రాయించుకున్నారు. పన్నెండు పేజీలది. దాని మొదటి పేరాలో, పేరూ ఊరూ చెప్పిన వెంటనే, ఒక వాక్యం ఉంది: ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు, వాటి అనుబంధాలు అన్నిటినీ రద్దు చేస్తున్నాను. నాలుగో పేజీలో, ఎక్కడ ఉన్నా సరే నా మిగిలిన ఆస్తి మొత్తం నా ఇద్దరు కొడుకులకు సమానంగా చెందాలని ఉంది. గుంటూరు ఇంటి మాట ఎక్కడా లేదు. చెల్లెలి మాటా లేదు.

బాబాయి చెల్లెలిని కాదనుకున్నారని నేను నమ్మను. చనిపోయే ముందు సంవత్సరం కూడా ఆ ఇంటి పైకప్పు మరమ్మతుకు డబ్బు పంపి, "అది నీ ఇల్లే కదా, బాగా చేయించుకో" అని ఆయన అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ మొదటి పేరా లాయరు అందరికీ రాసే మూస వాక్యం. అమెరికా లాయర్లు దాదాపు ప్రతి వీలునామాలోనూ దాన్ని పెడతారు. పాత వీలునామా, కొత్త వీలునామా రెండూ బతికి ఉంటే గొడవలు వస్తాయి కాబట్టి, ఒకే దేశంలో ఆస్తి ఉన్నవారికి అది మేలే చేస్తుంది. రెండు దేశాల్లో ఇళ్లున్న మనకు మాత్రం అదే వాక్యం గొడ్డలిపెట్టు.

ఇక్కడ రాసిన కాగితం అక్కడి వీలునామాను ఎలా రద్దు చేస్తుందని చాలామంది అడుగుతారు. భారతదేశంలోని ఇల్లు, పొలం వంటి స్థిరాస్తి ఎవరికి చెందాలన్నది భారతీయ చట్టమే తేలుస్తుంది, యజమాని ఏ దేశంలో స్థిరపడినా సరే. ఆ చట్టం, అంటే 1925 నాటి భారత వారసత్వ చట్టం, పాత వీలునామాను మరో వీలునామాతో రద్దు చేయవచ్చని 70వ సెక్షన్‌లో చెబుతోంది. ఆ రెండోది ఏ దేశంలో, ఏ భాషలో రాశారన్నది అడ్డు కాదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు సక్రమంగా ఉంటే చాలు. టెక్సాస్ వీలునామాలో ఆ మూడూ ఉంటాయి. పైగా రిజిస్ట్రేషన్ వల్ల వీలునామాకు అదనపు ప్రాణం రాదు. వీలునామాను రిజిస్టరు చేయించడం ఐచ్ఛికం. రిజిస్టరైన దాన్ని రిజిస్టరు కాని తర్వాతి వీలునామా రద్దు చేయగలదు. అత్తయ్య ధీమా అంతా ఆ ముద్రల మీదే ఉంది. ఇది తెలిసిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

న్యాయస్థానాలు కొన్నిసార్లు రాసినవారి ఉద్దేశాన్ని వెతికి పట్టుకుంటాయి. 1951లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చిన ఒక కేసులో, ఒకాయనకు బెల్జియంలో ఒక వీలునామా, ఆ తర్వాత రాసిన ఇంగ్లండ్ వీలునామా ఉన్నాయి. రెండో దానిలో ఇలాంటి రద్దు వాక్యమే ఉన్నా, ఇది ఇంగ్లండ్‌లోని ఆస్తికి మాత్రమే అని కూడా రాసి ఉండటంతో బెల్జియం వీలునామా నిలిచింది. బాబాయి కాగితంలో ఆ మాట లేకపోగా, "ఎక్కడ ఉన్నా సరే" అని ఉంది. గుంటూరు వకీలు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

ఇంకో చిక్కు ఉంది, అది ఎక్కువమందికి తెలియదు. అమెరికా వీలునామాలో పొరపాటు జరిగిందని గ్రహించి దాన్ని చింపేస్తే, పాత గుంటూరు వీలునామా తిరిగి లేచి కూర్చోదు. ఒకసారి రద్దయిన వీలునామాకు ప్రాణం పోయాలంటే దానిపై మళ్లీ ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, లేదా దాన్ని పునరుద్ధరిస్తున్నట్టు అనుబంధం రాయాలి. 73వ సెక్షన్ మాట ఇది. చింపడంలోనూ షరతు ఉంది. స్వయంగా చింపాలి, లేదా తన ఎదురుగా, తన ఆదేశంపై మరొకరు చింపాలి, అదీ రద్దు చేయాలన్న ఉద్దేశంతో. "ఫోనులో చెప్పి మా తమ్ముడితో చింపించేశాను" అని నిశ్చింతగా ఉన్నవారిని నేను ఎరుగుదును. తమ్ముడు చింపినప్పుడు అన్న డాలస్‌లో ఉన్నాడు. చట్టం అడిగే ఎదురుగా ఉండటం అది కాదు.

వీలునామా ముట్టుకోకుండానే దాని కోరిక పోయే దారి కూడా ఉంది. చెల్లెలికి రాసిన ఇంటిని తర్వాత అమ్మేస్తే, ఆ డబ్బు బ్యాంకులోనే ఉన్నా ఆమెకు రాదు. ఆమెకు రాసింది ఇల్లు, డబ్బు కాదు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా పెట్టే ఆస్తుల ప్రణాళిక సదస్సు గురించి కోపంగానే రాస్తున్నాను. గత రెండేళ్లూ నేను ముందు వరుసలో కూర్చున్నాను. ట్రస్టుల గురించి, పన్నుల గురించి గంటన్నర చెప్పారు. "మీకు భారతదేశంలో వీలునామా ఉందా?" అని ఒక్కరూ అడగలేదు. లాయర్లు ఇచ్చే ప్రశ్నల పత్రంలో విదేశీ ఆస్తులకు గడి ఉంటుంది, విదేశీ వీలునామాకు ఉండదు. ఈసారి వేదిక మీద ఇక్కడి లాయరు పక్కన ఆంధ్ర, తెలంగాణ వారసత్వ కేసులు చేసే వకీలును కూర్చోబెట్టాలి.

సంతకం పెట్టేవారు అడగాల్సింది ఒక్క వాక్యం. "భారతదేశంలోని నా ఆస్తికి సంబంధించి ఫలానా తేదీన నేను రాసిన వీలునామా తప్ప, మిగతా పాత వీలునామాలను రద్దు చేస్తున్నాను" అని మొదటి పేరా మార్చమనాలి. మిగిలిన ఆస్తి పేరాలోనూ భారతదేశంలోని ఆ ఆస్తిని మినహాయించమనాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో దస్తావేజు లేఖరి దగ్గర కూర్చున్నప్పుడు అదే జాగ్రత్త అటునుంచి పడాలి. వారి మూసలోనూ "ఇంతకు పూర్వము వ్రాసిన వీలునామాలు ఏవైనా ఉన్నచో ఇందుమూలముగా రద్దు" అనే వాక్యం ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే అమెరికా వీలునామాకు ముప్పు.

బాబాయి పెద్దబ్బాయి తన సగం అత్తయ్యకు రాసిచ్చేందుకు మొదటి రోజే ఒప్పుకున్నాడు. చిన్నబ్బాయి, నాన్న ఆఖరున రాసిందే నాన్న మాట అంటున్నాడు. కాగితం ప్రకారం అతడిది తప్పనలేను. అత్తయ్య ఇంకా ఆ ఇంట్లోనే ఉంటోంది. పైకప్పు మరమ్మతుకు బాబాయి పంపిన డబ్బు రసీదులు కూడా అదే ప్లాస్టిక్ కవరులో దాచింది.