ప్రకటన గొంతు నొక్కకండి

పర్లాకిమిడిలో రాత్రి పదింటికి ఎవరింట్లో సినిమా నడుస్తోందో తెలుసుకోవడానికి తలుపు తట్టనక్కర్లేదు. సినిమా వినపడదు గానీ, మధ్యలో వచ్చే సబ్బు ప్రకటన వీధంతా వినపడుతుంది. గాలి అటు మళ్లితే సరిహద్దు అవతల పాతపట్నానికీ అందుతుందేమో. రెండు రాష్ట్రాలకు ఉచితసేవ చేస్తున్న ఇలాంటి ప్రకటనను సినిమా స్థాయికి దించాలని కొందరు పట్టుబడుతున్నారు. తీవ్రంగా ఖండిస్తున్నాను.

అసలు ప్రకటన నిర్దోషి. డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని ఎవరూ దాటలేరు. సినిమా ఎప్పుడో బాంబు పేలినప్పుడు ఆ కప్పును తాకి, మిగతా సేపు గుసగుసలాడుకుంటుంది. ప్రకటనవాళ్లు శబ్దంలో హెచ్చుతగ్గులను కుదించే కంప్రెసర్‌తో చిన్న చప్పుళ్లను కూడా పైకి లేపి, ముప్పై సెకన్లూ కప్పుకే అతుక్కుంటారు. గరిష్ఠ స్థాయి మాత్రమే చూసే మీటరుకు ఇద్దరూ సమానులే. తేడా చెప్పేది చెవి ఒక్కటే, దాని సాక్ష్యం మనకెందుకు?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ మాత్రం చెవి మాటే నమ్మింది. చెవికి ఎంత బిగ్గరగా తోస్తుందో కొలిచే పద్ధతిని బీఎస్.1770 పేరుతో 2006లో రాసిపెట్టింది. ఆ లెక్కన సినిమా మైనస్ 27, ప్రకటన మైనస్ 14 అనుకోండి; సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మోత ఎక్కువ. తేడా 13 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది కాబట్టి ఇది రెండున్నర రెట్లు. ముందే కొలిచి ఉంచితే ప్రకటనను 13 తగ్గించి వదిలితే చాలు, దాని నాణ్యత ఏమీ చెడదు. అమెరికాలో టీవీ చానళ్లకు 2012 డిసెంబరు నుంచి ఇలాంటి చట్టమే అమల్లోకి వచ్చింది. పాపం, ఎంత కఠినాత్ములో!

అదృష్టం కొద్దీ యాప్‌ల్లో సినిమా ఒక చోట నుంచి, ప్రకటన మరో చోట నుంచి వస్తాయి. ఒక్కో యాప్‌కు ఒక్కో స్థాయి. అందుకే యాప్ మారితే రిమోట్ కోసం మంచం కింద వెతుకులాట. టీవీలోనే ఉండే వాల్యూమ్ లెవలర్ నొక్కారా, అది గతాన్ని విని భవిష్యత్తును ఊహిస్తుంది. ప్రకటన మొదటి కేక వినిపించాకే తగ్గిస్తుంది, సినిమా తిరిగొచ్చాక తగ్గించిన చోటే కాసేపు కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే నాయిక ఏడుస్తూ రహస్యం చెబుతుంది.

"ఏట్రా బాబూ, ఆ పిల్ల ఏటందో ఇనబడ్నేదు గానీ, సబ్బు పేరు మాత్రం బాగా ఇనబడ్డాది" అంటుంది మా నాయనమ్మ.

ఆ తర్వాత నిశ్శబ్దాన్ని కూడా లెవలర్ పైకి లాగుతుంది. నాయిక ఊపిరి వెనకాల చిన్న బుస లేచి, తలుపు చప్పుడు కాగానే మళ్లీ అణగిపోతుంది. లెవలర్ ఆన్‌లో ఉందో లేదో ఆ బుసతోనే పట్టేయొచ్చు.

కనుక నా ప్రతిపాదన ఇది: ప్రకటనను దించడం మాని, సినిమానే కంప్రెసర్‌లో వేసి కప్పుకు అతికించండి. బాంబుకూ గుసగుసకూ ఒకే మోత. అప్పుడు పాతపట్నంవాళ్లకు కథ కూడా తెలుస్తుంది.